ఉండలున్నా ఫికర్ లేదు

సహరీకి పాన్‌కేకులు కావాలంది మా బేటీ. తన తొలి రోజా. పోయినవారం చేసినవి రబ్బరులా సాగాయి. గుల్‌గులే పిండిలా గిలక్కొట్టాను మరి. ఎంత కలిపితే మైదా అంత సాగుతుంది.

ఈసారి కప్పు మైదా, 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, కాస్త చక్కెర, చిటికెడు ఉప్పు, ముప్పావు కప్పు పాలు, ఒక గుడ్డు, కరిగించిన మస్కా. పొడిపిండి కనబడకుండా పోగానే గరిటె ఆపేశాను.

"ఉండలున్నాయి కదే!" అంది అమ్మీ.

"సబర్ అమ్మీ."

10 నిమిషాల్లో చిన్న ఉండలు నాని మెత్తబడ్డాయి. మళ్లీ కలిపితే లోపలి గాలి పోతుందని కదపలేదు. తవా మీద నీటిచుక్క చిందులేశాక మంట తగ్గించాలి. నేను మరిచాను, మొదటిది బయట మాడి లోపల పచ్చిగా మిగిలింది. రెండోదానికి తగ్గించాను. పైన బుడగలు పగిలి, గుంటలు పూడుకోకుండా నిలిచాక తిప్పాను. పొంగింది!

ఫజర్ అజాన్‌లోపు బేటీ మూడు తినేసింది. నాలుగోది అమ్మీ అడిగింది.