పులివెందుల గుట్టలో తప్పిపోయిన కాలం

కదిరి వైపు నుంచి ఉత్తరంగా పులివెందులకు వెళ్తుంటే రాళ్ళ వయసు తగ్గుతూ పోతుంది. ముందు పాత గ్రానైటు బండలు వస్తాయి. వాటి మీద గువ్వలచెరువు పేరుతో పిలిచే గట్టి ఇసుకరాయి కొండలు, ఆపైన వేంపల్లె పేరు పెట్టిన డోలమైటు, దాని మీద పులివెందుల క్వార్ట్‌జైటు. పొరలన్నీ ఈశాన్యం వైపు మెల్లగా వాలి ఉంటాయి కాబట్టి ఆ దిక్కుకు నడిచే కొద్దీ మనం పై పొరల్లోకి ఎక్కుతుంటాం. విలియం కింగ్ ఈ కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద నివేదిక ప్రచురించింది 1872లో. భూగర్భ శాస్త్రం చదివేవాళ్ళు ఇప్పటికీ ఇక్కడి ఊళ్ళ పేర్లతోనే ఈ పొరలను గుర్తుపెట్టుకుంటారు.

నేను వెళ్ళింది ఎమ్మెస్సీ విద్యార్థుల ఫీల్డ్ వర్క్ వెంట. సర్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వాళ్ళకు దారి చూపిస్తున్నారు. డోలమైటుకూ క్వార్ట్‌జైటుకూ మధ్య ఉన్న గీత దగ్గర నిలబడి, అక్కడ ఎంత కాలం లెక్కకు రాకుండా పోయిందో, అది ఏ రకం లోపమో పిల్లల చేత చెప్పించాలన్నది ఆయన ఉద్దేశం. ఇలా పొరల మధ్య కాలం తెగిపోయిన చోటును అన్‌కన్ఫార్మిటీ అంటారు.

గుట్ట అడుగున వంక కోసిన చోట డోలమైటు బాగా బయటపడింది. పైభాగం బూడిద రంగులో, అడ్డదిడ్డంగా పగుళ్ళు పారి, ముడతలు పడిన ఏనుగు తోలులా ఉంది. ఒక పిల్లవాడు దాని మీద చుక్క పల్చని యాసిడ్ వేస్తే పెద్దగా ఏమీ జరగలేదు. కత్తితో గీకి ఆ పొడి మీద వేసినప్పుడు సన్నగా నురగ వచ్చింది. సున్నపురాయి అయితే గీకకుండానే బుసబుసలాడేది. కొంచెం పైన గిన్నెలు బోర్లించినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చిన సన్నని వంపు గీతలున్నాయి. లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవుల చాపలు పొరలు పొరలుగా కట్టుకున్న స్ట్రోమటొలైట్లు అవి. వాటి మధ్యన నల్లగా, ఎర్రగా, అరచేతి మందాన చెకుముకి రాయి పట్టీలు సాగాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని చెర్ట్ అంటారు. ఆ పట్టీలను బాగా చూసి పెట్టుకోమన్నారు పెద్దాయన.

వంక పట్టుకుని పైకి నడిస్తే డోలమైటు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ గీత తిన్నగా లేదు. ఒకచోట జానెడు దిగి, మరోచోట లేచి, అల్లంత దూరంలో మోకాలి లోతు గుంటలా వంగింది. గుంట నిండా గులకరాళ్ళు బిగిసిన కాంగ్లామరేటు. దానిపైన ముతక ఇసుక, ఆ తర్వాత పలకలు పలకలుగా క్వార్ట్‌జైటు.

గులకరాళ్ళను భూతద్దంతో చూశాం. తెల్లని క్వార్ట్జ్ కొన్ని. ఎక్కువ మాత్రం కింద చూసిన చెకుముకి రాళ్ళే, అదే నలుపు, అదే ఎరుపు. నేను చూసిన ఒక గులకరాయిలో, డోలమైటు పట్టీలో ఉన్నలాంటి సన్నని చారలే ఉన్నాయి. కాకపోతే చారలు నిట్టనిలువుగా తిరిగి ఉన్నాయి, అంచులు నున్నగా గుండ్రంగా అరిగి ఉన్నాయి. కాలం పోయిందనడానికి సాక్ష్యం ఆ రాయే.

అది అక్కడికి చేరాలంటే ఏమేం జరగాలో వరసగా చూద్దాం. సముద్రం అడుగున సున్నపు బురద పేరుకోవాలి. అందులో చెకుముకి ఏర్పడి, విరిగితే అంచు తెగేంత గట్టిపడాలి. ఆ నేల నీళ్ళ మీదికి తేలాలి. వానకు డోలమైటు కరిగిపోయి, కరగని చెకుముకి ముక్కలు మిగలాలి. వాగులు వాటిని దొర్లించి మూలలు అరగదీయాలి. ఆ తర్వాతే మళ్ళీ ఇసుక వచ్చి వాటిని కప్పాలి. ఇదంతా గీతకు కింద ఉన్న చివరి పొరకూ పైన ఉన్న మొదటి పొరకూ మధ్య జరిగింది. ఆ కాలంలో ఏ పొరా మిగల్లేదు. మిగలకపోవడంలోనూ రెండు భాగాలున్నాయి: కొంతకాలం అసలేమీ పేరుకోలేదు, పేరుకున్నదాంట్లో పైభాగం కోతకు పోయింది. ఏది ఎంతో ఆ గీత చెప్పదు, రెండూ కలిసిన మొత్తమే అక్కడ లోటుగా కనిపిస్తుంది.

ఇంతలో ఒక అమ్మాయి అడిగింది. “సార్, పొరలన్నీ వాలి ఉన్నాయి కదా. ఇది యాంగ్యులర్ అన్‌కన్ఫార్మిటీయే కదా సార్?”

“వాలాయా లేదా అని కాదమ్మా. ఒకదాంతో ఒకటి చూస్తే వాలాయా? కొలిచి చెప్పు,” అన్నారాయన.

ఆ అమ్మాయి డోలమైటు పొర మీద నోటుబుక్కు పరిచి, దాని మీద బ్రంటన్ దిక్సూచి పెట్టి కొలిచింది. ఈశాన్యం వైపు 12 డిగ్రీల వాలు. పైకెక్కి క్వార్ట్‌జైటు పలక మీద కొలిస్తే అదే దిక్కు, 13 డిగ్రీలు. ఒక డిగ్రీ తేడా కొలతలోనే వస్తుంది. అంటే రెండు పొరలూ సమాంతరం. మొత్తాన్ని వెనక్కి తిప్పి పై పొరను చదును చేశామనుకుంటే కింది పొర కూడా చదునైపోతుంది. వాలు తర్వాతెప్పుడో రెండింటికీ కలిపి వచ్చింది. లోపం ఏర్పడే నాటికి కింది పొరలు పడుకునే ఉన్నాయి. అందుకే ఇది డిస్‌కన్ఫార్మిటీ. పై పొరను చదును చేశాక కూడా కిందిది వాలి మిగిలితే అది యాంగ్యులర్.

యాంగ్యులర్ ఎలా ఉంటుందో చెప్పడానికి పెద్దాయన స్కాట్లాండ్ తూర్పు తీరంలోని సిక్కర్ పాయింట్ ఫొటో ఒకటి సంచిలోంచి తీశారు. 1788లో జేమ్స్ హట్టన్, జాన్ ప్లేఫేర్, జేమ్స్ హాల్ పడవలో వెళ్ళి చూసిన చోటు అది. కింద గ్రేవాకీ అనే ముదురు ఇసుకరాయి పలకలు దాదాపు నిట్టనిలువుగా నిలబడి ఉంటాయి. వాటి కొసలను కోసి, ఆ కోత మీద ఎర్ర ఇసుకరాయి కొద్దిపాటి వాలుతో పరుచుకుంది. ఎర్రరాయి అడుగున గ్రేవాకీ విరిగిన ముక్కలున్నాయి. కిందిది సుమారు 43.5 కోట్ల ఏళ్ళనాటిది, పైది 37 కోట్ల ఏళ్ళనాటిది. మధ్యలో ఆరున్నర కోట్ల ఏళ్ళు. సముద్రంలో చదునుగా పేరుకున్న రాయి ముడతలు పడి నిలబడడం, పైకి లేవడం, కోతకు గురికావడం, అన్నీ ఆ లోపలే జరిగాయి.

ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారు. కోణం పెద్దదైతే పోయిన కాలం కూడా పెద్దదనుకుంటారు. అమెరికాలోని గ్రాండ్ కెన్యాన్ దీనికి జవాబు. అక్కడ రెడ్‌వాల్ సున్నపురాయి చాలాచోట్ల మువావ్ సున్నపురాయి మీద నేరుగా కూర్చుంది. రెండూ సమాంతరంగా ఉంటాయి, దూరం నుంచి చూస్తే మధ్యలో ఏమీ జరగలేదనిపిస్తుంది. కానీ పైది సుమారు 34 కోట్ల ఏళ్ళది, కిందిది 50 కోట్ల ఏళ్ళది. సిక్కర్ పాయింట్‌లో పోయిన కాలానికి ఇది రెట్టింపు పైమాటే. కోణం చెప్పేది లోపం నడిచిన కాలంలో నేల ముడత పడిందా, ఒరిగిందా అన్నది మాత్రమే. ఎన్నేళ్ళు అన్నది వేరే దారిలో తెలుసుకోవాలి. నాకు ఈ గుట్ట మీద బాగా తలకెక్కిన విషయం ఇదే. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే గీతల కంటే సాదాగా కనిపించేవాటినే ఎక్కువ అనుమానించాలి.

ఒక డిగ్రీ తేడాను పట్టించుకోనక్కర్లేదు గానీ, కోణం లేదని తేల్చేముందు ఒక జాగ్రత్త ఉంది. వంక కోసిన గోడ ఏ దిక్కుకు ఉందో చూడాలి. పొరలు నిజంగా 30 డిగ్రీలు వాలినా, గోడ ఆ వాలుకు అడ్డంగా సాగితే గోడ మీద గీతలు చదునుగా కనిపిస్తాయి. వాలుకు సరిగ్గా అడ్డంగా ఉండే రేఖకు గోడ 10 డిగ్రీలు పక్కకు తిరిగినా ఆ 30 డిగ్రీల వాలు 6 డిగ్రీల లోపే అనిపిస్తుంది. అందుకని గోడను చూసి గానీ ఫొటో చూసి గానీ డిస్‌కన్ఫార్మిటీ అని రాయకూడదు. పొర ముఖం దొరికినచోట దిక్సూచి పెట్టాలి, లేదంటే వేరే దిక్కుకు తిరిగిన ఇంకో కోత వెతకాలి.

దీనికి తిరగబడ్డ పొరపాటూ ఉంది. క్వార్ట్‌జైటులో ఒకచోట ఏటవాలు గీతలు 20 డిగ్రీలకు పైగా వాలి, పైన చదునైన పలక కింద తెగిపోయాయి. చూడగానే ఇద్దరు పిల్లలు యాంగ్యులర్ దొరికిందని కేక వేశారు. అవి నీటి ప్రవాహం ఇసుకను తోసుకుంటూ పోయినప్పుడు ఏర్పడే అడ్డ గీతలు. ఒక పలక మందంలోనే మొదలై అందులోనే ఆగిపోతాయి, పై పలకలో మరో వైపు వాలొచ్చు. పైనా కిందా అదే ఇసుకరాయి, మధ్యలో గులకరాళ్ళు లేవు. కొలవాల్సింది పలకల మధ్య హద్దులను గానీ లోపలి గీతలను కాదు.

గులకరాళ్ళు కనిపించిన చోటల్లా పెద్ద లోపం ఉందనుకోవడమూ తప్పే. వేంపల్లె డోలమైటులోనే కొన్నిచోట్ల చదునైన చిన్న పెంకుల్లాంటి ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. అవి అంతకుముందే పేరుకుని సగం గట్టిపడిన సున్నపు బురదను తుఫాను అలలు చింపి పడేసిన పెళ్ళలు. అంచులు అరగలేదు, రాయి చుట్టూ ఉన్నదే, వేరే రాయి ఏదీ కలవలేదు. అవి చెప్పే విరామం అతి స్వల్పం. పై గీత దగ్గర చెకుముకి గుండ్రంగా అరిగి, దానితో పాటు బయటినుంచి వచ్చిన క్వార్ట్జ్ కూడా ఉంది. ఆ తేడాను పిల్లలు రెండు చేతుల్లో రెండు రాళ్ళు పట్టుకుని చూశారు.

మరి ఇక్కడ పోయింది ఎన్నేళ్ళు? గ్రాండ్ కెన్యాన్‌లో శిలాజాలతో లెక్క తేలింది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ఈ రాళ్ళు గుల్లలూ చేపలూ పుట్టకముందువి, స్ట్రోమటొలైట్లతో అంత సన్నని లెక్క కట్టలేం. ఆసరా ఒక్కటే. పులివెందుల క్వార్ట్‌జైటుకు పైనున్న తాడిపత్రి పొరల్లోకి తర్వాత కరిగిన శిల చొచ్చుకొచ్చి పలకలా గడ్డకట్టింది. పులివెందుల దగ్గరి ఆ నల్లరాయి వయసును యురేనియం-సీసం పద్ధతిలో సుమారు 188.5 కోట్ల ఏళ్ళుగా కట్టారు. చొచ్చుకొచ్చిన రాయి కంటే అది చొరబడిన పొర పాతది, ఆ పొర కంటే కింది క్వార్ట్‌జైటు పాతది. కాబట్టి మేం చేతులు పెట్టి చూసిన గీత ఎలా చూసినా అంతకంటే ముందే మూసుకుపోయింది. అది ఎప్పుడు తెరుచుకుందో చెప్పాలంటే గీతకు కింద, డోలమైటు పైభాగంలో ఉన్న లావా రాళ్ళ వయసు కావాలి. మధ్యాహ్నం పిల్లలు సుత్తులు తీసుకుని ఆ లావా బయటపడిన చోటు వెతుకుతూ గీత వెంబడి పడమరకు నడిచారు.