మోటుపల్లి రాతి మీద మన పేరు ఉందా?

మా అప్పా కూతురు బాపట్లలో చదువుకుంటోంది. ఈసారి ఆమెకు కాలేజీలో ఇచ్చిన మజ్మూన్ “తీరాంధ్రలో మతాల చరిత్ర”. రాసింది తీసుకుని తెనాలికి, మా ఇంటికి వచ్చింది. మూడో పేజీలో ఒక వాక్యం కింద ఎర్ర గీత గీసి పెట్టుకుంది, అంత ఇష్టం ఆ వాక్యమంటే: “1244లోనే కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ముస్లిం వర్తకులకు అభయం ఇచ్చాడు.”

“ఖాలా, ఇది గుడి శాసనం. రాతి మీద ఉంది. ఇంకెవరూ మనల్ని నిన్న మొన్న వచ్చినవాళ్లనలేరు” అంది.

ఆ మాటలో ఎంత దర్ద్ ఉందో మీకు చెప్పక్కర్లేదు. బస్సులో, అద్దె ఇంటి కోసం తిరిగేటప్పుడు, స్కూలు స్టాఫ్‌రూములో ఎప్పుడో ఒకప్పుడు మనందరం విన్నదే కదా, “మీరు ఎక్కడి నుంచి వచ్చారు?” అని. రేపల్లెలో ఉండే వాళ్ల నాన్న, అంటే మా భాయీజాన్, ఈ వాక్యాన్ని అప్పటికే నలుగురికి ఫోన్లో చదివి వినిపించారట. నేను మాత్రం “బేటా, ముందు ఆ రాయి ఏమంటుందో విందాం” అన్నాను.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే, చీరాల దాటాక చినగంజాం దగ్గర ఉంది. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర స్తంభం మీద ఉన్న శాసనం ఇది. జర్మన్ పండితుడు హుల్ట్ష్ దీన్ని ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో మూలపాఠంతో, ఇంగ్లీషు తర్జుమాతో అచ్చు వేశాడు. మా అమ్మాయి చదివింది అది కాదు. ఎవరో రాసిన గైడ్ బుక్కులో, ఇంకెవరో రాసిన పుస్తకం నుంచి ఎత్తిన రెండు లైన్లు చదివింది. హదీసు చెప్పినప్పుడు మనం రావీ ఎవరని అడుగుతాం. ఈయన ఎవరి దగ్గర విన్నాడు, ఆయన ఎవరి దగ్గర విన్నాడు అని సిల్‌సిలా పట్టుకుని వెనక్కి వెళతాం. శాసనానికీ అదే పని చెయ్యాలి. గైడ్ బుక్కు నుంచి పుస్తకానికి, పుస్తకం నుంచి సంపుటానికి, సంపుటం నుంచి వీలైతే రాయి దాకా. “ముస్లిం” అనే లఫ్జ్ ఈ సిల్‌సిలాలో ఎక్కడ దూరిందో వెతుకుదాం అని ఇద్దరం కూర్చున్నాం.

మొదట తారీఖు చూశాం. శాసనం శక 1166, క్రోధి సంవత్సరం అంటుంది. శక సంవత్సరానికి 78 కలిపితే 1244. తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి ఇంకో గవాహీ కూడా దొరుకుతుంది. మొన్న 2024 ఉగాదికి వచ్చిన సంవత్సరం క్రోధి. అందులోంచి 60 పదమూడుసార్లు, అంటే 780 తీసేస్తే 1244 వచ్చింది. రెండూ కలిశాయి. కలవకపోతే అంకె తప్పు చదివారనో, తర్వాత ఎవరో చెక్కించారనో అనుమానించాలి. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలై మరుసటి ఏడాదిలోకి వెళుతుంది కాబట్టి, నెల పక్కాగా తెలియనప్పుడు 1244-45 అని రాయడమే దురుస్తు.

తర్వాత మత్లబ్. శాసనం మొదలు కాకతీయుల వంశ కీర్తన. మనువు, ఇక్ష్వాకువు, రఘువు, రాముడు, అలా సూర్యవంశం నుంచి దిగుతుంది. ఇక్కడే మా అమ్మాయి ఇంకో వాక్యం రాసుకుంది, “కాకతీయులు సూర్యవంశ క్షత్రియులు” అని. అదే కాకతీయుల కాలపు వేరే శాసనాలు వాళ్లను నాలుగో వర్ణంవాళ్లని చెబుతాయి. రెండూ రాళ్లే, రెండూ అసలువే. ప్రశస్తి అంటే దర్బారులో చదివే ఖసీదా లాంటిది. రాజు ఎవరో అది చెప్పదు, రాజు తనను ఎవరని చెప్పుకోవాలనుకున్నాడో చెబుతుంది. “ఈ శాసనంలో సూర్యవంశమని చెప్పుకున్నారు” అని రాస్తే వాక్యం నిలబడుతుంది. “సూర్యవంశంవాళ్లు” అని రాస్తే కూలిపోతుంది.

అసలు ఫర్మానా ఆ తర్వాత వస్తుంది. దాని సారం నా మాటల్లో: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడలు తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే, పూర్వం రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అంతా బలవంతంగా తీసుకునేవారు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని దరియా మీద అంత ఖతరా పడి వచ్చేవాళ్ల మీద దయ తలచి, మేము నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వదిలేస్తున్నాం. ఆ సుంకం ఎగుమతికీ దిగుమతికీ ముప్పయ్యో వంతు. కింద సరుకుల పట్టీ ఉంది. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, పగడాలు, మిరియాలు, వాటి మీద పన్ను. ఈ పట్టీ చదువుతుంటే నాకు రేవు కంపు, అత్తరు వాసన రెండూ తగిలాయి. చరిత్ర పుస్తకాల్లో ఇలాంటిది అరుదు.

మరి ఇది ఎవరికి రాసింది? ద్వీపాలకూ పరదేశాలకూ పట్టణాలకూ రాకపోకలు చేసే సముద్ర వర్తకులకు. అంతే. అరబ్బులని లేదు, పారసీకులని లేదు, తురకలని లేదు. ఏ మతమూ లేదు. ఒక్క వ్యాపారి పేరూ లేదు.

అమ్మాయి ముఖం వాడిపోయింది. “గుర్రాలు ఉన్నాయి కదా ఖాలా! గుర్రాలు అరబ్బు దేశం నుంచేగా వచ్చేవి?” అంది. మంచి సవాలే. దక్షిణాది రేవులకు అరేబియా, పారసీకం నుంచి గుర్రాలు వచ్చేవని ఆ కాలపు యాత్రికులు, ఫార్సీ చరిత్రకారులు రాశారు. ఈ మోటుపల్లిని మార్కోపోలో ముత్ఫిలి అన్నాడని చరిత్రకారులు గుర్తించారు. కాబట్టి ఆ ఓడల్లో ముస్లిం సౌదాగర్లు కూడా ఉండి ఉంటారనుకోవడానికి ఆధారం ఉంది. కాకపోతే ఆ ఆధారం వేరే కాగితాల నుంచి వస్తోంది, ఈ రాయి నుంచి కాదు. పాఠకుడికి ఆ రెండింటి మధ్య అతుకు కనబడాలి. అతుకు దాచేసి, మొత్తం రాతి నెత్తిన పెట్టడం అమానత్‌లో ఖయానత్. రేపు ఎవరైనా సంపుటం తెరిచి “ఎక్కడుంది ముస్లిం అనే మాట?” అంటే, మన వ్యాసంలోని నిజమైన మాటలు కూడా ఆ ఒక్క దెబ్బకు పోతాయి.

ఫర్మానా జారీ కావడం వేరు, అమలు కావడం వేరు. ఓడలు దోచుకోవద్దన్న హుకుం ఉందంటే ముందు ఏం జరిగేదో, రాజుకు ఏం కావాలో తెలుస్తుంది. తర్వాత దోచుకోలేదని దానితోనే తెలియదు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ శాసనం వేయించాడు. రాజ్యం మారింది కాబట్టి కొత్త రాజు భరోసా ఇచ్చాడనుకోవచ్చు. పాత భరోసా చెల్లకుండా పోయిందనీ అనుకోవచ్చు. రెండు దారులూ రాసి పెట్టమన్నాను.

రాయి ఎక్కడ ఉందనేది కూడా గవాహీయే. తెనాలి నుంచి రేపల్లె రైలెక్కితే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వి తీసిన ధాతుపేటికల మీద అక్షరాలున్నాయి, దాతల పేర్లున్నాయి. అవి స్తూపం కడుపులో పెట్టి మూసేసినవి, దారినపోయేవాళ్లు చదవడానికి కాదు. మోటుపల్లి స్తంభం అందరికీ కనబడేలా నిలబెట్టినది. గుడి దగ్గర ఉంది కాబట్టి గుడి సంగతే అయి ఉంటుందనుకోకూడదు. ఆ జమానాలో గుడి అంటే ఊరి నోటీసు బోర్డు, రిజిస్ట్రార్ ఆఫీసు కూడా. అది తీసేస్తే సుంకాల పట్టీ “హిందూ మత ఆధారం” అయిపోతుంది. మతచరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే.

ఇంకో సంగతి, చేదుది. మనకు నచ్చే రాయి దగ్గర పాటించిన ఇన్సాఫ్ మనసు నొప్పించే శాసనం దగ్గర కూడా పాటించాలి. 1323లో ఓరుగల్లు పడిపోయాక, ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం వచ్చింది. తురుష్కుల చీకటి కమ్మిందనీ, విగ్రహాలు కూల్చారనీ, అగ్రహారాలు లాక్కున్నారనీ, రైతుల్ని పీడించారనీ అందులో ఉంది. భాయీజాన్ ఫోన్లో “అది వదిలెయ్, మన వ్యాసంలో ఎందుకు?” అన్నారు. వదలకూడదన్నాను. రాసినవాళ్లు ఆ యుద్ధానికి దగ్గరి కాలంవాళ్లు. వాళ్ల గవాహీని కొట్టిపారేయలేం.

అయితే దాన్నీ అడగాల్సినవి అడగాలి. ఇది ఒక బ్రాహ్మణుడికి ఊరు దానమిచ్చిన పత్రం. దానమిచ్చిన నాయకుణ్ణి పొగడడం దాని పని. ముందు చీకటి ఎంత చిక్కగా ఉంటే అతను తెచ్చిన వెలుగు అంత మెరుస్తుంది. పైగా అందులో ఉన్న లఫ్జ్ తురుష్కులు, అంటే తుర్కీలు, ఫలానా దేశపు సైన్యం. ఆ మాట కొట్టేసి “ముస్లింలు” అని పెడితే ఢిల్లీ సైన్యం చేసిన పని మోటుపల్లిలో మిరియాలు దించుకునే సౌదాగరు మెడకు చుట్టుకుంటుంది. సింథియా టాల్బట్ 1995లో ఆంధ్ర శాసనాలను వరసగా చదివి ఒక వ్యాసం రాసింది. ఇలాంటి కటువైన వర్ణనలు యుద్ధాలు ముమ్మరంగా సాగే కాలాల్లో ఎక్కువవుతాయని, రాజ్యాలు కుదుటపడ్డాక తగ్గుతాయని అందులో చూపించింది. విజయనగర రాజులు సుల్తాను అనే మాటనే “సురత్రాణ” అని తమ బిరుదులో పెట్టుకున్నారు. ఒక్క రాయి చూసి శతాబ్దానికి తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకన్నా సబూత్ ఏం కావాలి?

ఒక చిన్న హెచ్చరిక. బాపట్ల భావనారాయణస్వామి గుడి శాసనాలు దక్షిణ భారత శాసనాల ఆరో సంపుటంలో ఉన్నాయి. అందులో మూలపాఠమే గానీ తర్జుమా ఉండదు. చదరపు బ్రాకెట్లలో ఉన్న అక్షరాలు రాతి మీద చెడిపోయినవో, అచ్చు వేసినవాళ్లు ఊహించి పూరించినవో. మీ వాదన అంతా ఆ బ్రాకెట్లోని మాట మీదే నిలబడి ఉంటే ఆ సంగతి పాఠకుడికి చెప్పాలి. రాయి దగ్గరికి వెళితే పూజారిగారిని అడిగి వెళ్లండి. పొద్దునో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఫోటో తీస్తే అక్షరాలు లేచి కనబడతాయి. సుద్దముక్కతో, పసుపుతో దిద్దకండి. దిద్దిన చేతికి తోచిన అక్షరమే తర్వాతివాళ్లకు రాతి అక్షరమైపోతుంది.

ఎర్ర గీత గీసిన వాక్యం చివరికి ఇలా మారింది: “1244-45 నాటి మోటుపల్లి శాసనం పరదేశాల సముద్ర వర్తకులకు, వాళ్ల మతం చెప్పకుండా, ముప్పయ్యో వంతు సుంకం మీద భరోసా ఇచ్చింది. గుర్రాల వ్యాపారం గురించి అదే కాలపు యాత్రికుల, ఫార్సీ చరిత్రకారుల రాతలతో కలిపి చూస్తే, వాళ్లలో ముస్లింలు కూడా ఉండి ఉండవచ్చు.”

భాయీజాన్‌కు చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత “‘ఉండి ఉండవచ్చు’నా? ఇంతేనా?” అన్నారు.

“ఇంతే, భాయీజాన్. కానీ ఇది ఎవరూ తీసేయలేరు.”

“మరి మన పేరు ఎక్కడుంది?”

దానికి జవాబు మా అమ్మాయే చెప్పింది. వచ్చే జుమా తర్వాత వాళ్ల అబ్బాతో కలిసి రేపల్లె ఖబ్రస్తాన్‌కు వెళుతుందట, పాత సమాధుల మీద కతబాలు ఉంటే వాటి హిజ్రీ తారీఖులు నకలు రాసుకోవడానికి. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం, ఏడాదికి దాదాపు పదకొండు రోజులు తక్కువ. శక సంవత్సరానికి 78 కలిపినట్టు ఒక్క అంకె కలిపితే కుదరదు. ఆ లెక్క ఎలా చెయ్యాలో నేర్పమని నా దగ్గర కూర్చుంది.