జతపరచిన బ్రోచర్ చూడగలరు

బ్రోచర్ అనేది చేతికిచ్చే వస్తువు. పుస్తక ప్రదర్శనలో స్టాల్ ముందు ఆగిన మనిషికి ఇస్తాం. ఆయన దాన్ని మడిచి సంచీలో పడేసుకుంటాడు, ఇంటికెళ్లాక ఎప్పుడో తీసి చూస్తాడు. మెయిల్లో పంపాల్సి వచ్చేసరికి ఈ సౌకర్యం పోతుంది. అవతలి మనిషి ఎక్కడున్నాడో, ఫోన్లో చూస్తున్నాడో ఆఫీసు కంప్యూటర్లో చూస్తున్నాడో, చూశాక దాన్ని ఏం చేస్తాడో మనకి తెలీదు. ఫైలు జతచేయాలా, లింకు ఇవ్వాలా, ముఖ్యమైన నాలుగు ముక్కలు మెయిల్లోనే రాయాలా అన్న ప్రశ్న అక్కణ్ణుంచే వస్తుంది.

విజయవాడలో మా బాబాయి ఒకాయన రిటైరయ్యాక చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాడు. ఇప్పటిదాకా పన్నెండు పుస్తకాలు. అమ్ముడుపోని కాపీలన్నీ ఇంట్లో మంచాల కిందే ఉంటాయి కాబట్టి పిన్నికి ఈ వ్యవహారం మీద కచ్చితమైన అభిప్రాయాలున్నాయి. కొత్తగా వేసిన పుస్తకం ఒక నేత కార్మికుడి జీవిత కథ. మంచి పుస్తకం. నాకు సమీక్షలు రాసే అలవాటుంది కాబట్టి మొహమాటానికి చెప్పడం లేదు. దాని కోసం బాబాయి డీటీపీ కుర్రాడితో పన్నెండు పేజీల రంగుల బ్రోచర్ చేయించి, 130 మంది అడ్రసులు పోగుచేసి, "జతపరచిన బ్రోచర్ చూడగలరు" అని ఒకే ఒక్క వాక్యం రాసి పంపడం మొదలుపెట్టాడు. మొదటి పదిలోనే రెండు వెనక్కొచ్చాయి. ఆయన నాకు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఇదీ:

```
552 5.3.4 Message size exceeds fixed limit
```

బ్రోచర్ 14 ఎంబీ. "పాతిక దాకా పంపొచ్చన్నావు కదరా!" అన్నాడు. ఆ పాతిక మన వైపు లెక్క. అవతలి కాలేజీ సర్వర్ పదికి మించి తీసుకోనంటే మనం చేసేదేం లేదు. పైగా మెయిల్ అనే వ్యవస్థ పుట్టింది అక్షరాలు మోయడానికే. ఏ ఫైలునైనా ముందు అక్షరాల్లోకి మార్చాకే పంపుతుంది, ఆ మార్పిడిలో ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి. అంటే బాబాయి పంపిన 14, దారిలో దాదాపు 19. ఇది సరిచేయడం తేలికే. అట్టల బొమ్మలు ప్రెస్సు కోసం 300 డీపీఐలో పెట్టినవి. తెర మీద చూడ్డానికి 150 చాలు. ఆ మేరకు తగ్గించి మళ్లీ పీడీఎఫ్ చేస్తే 2 ఎంబీ దగ్గర ఆగింది.

బాబాయి దృష్టిలో సమస్య అక్కడితో అయిపోయింది. నా దృష్టిలో అసలుది అప్పుడే మొదలైంది. ఆ మెయిల్ ఎవరికి చేరినా, ఇన్‌బాక్స్‌లో తెరవకముందు కనబడేది సబ్జెక్టూ, లోపలి మొదటి నాలుగైదు మాటలూ. అక్కడ "జతపరచిన బ్రోచర్" అని ఉంటే పుస్తకం పేరు కూడా తెలీదు. తెలియని చోటునుంచి వచ్చిన ఫైలు తెరవొద్దని ప్రతి ఆఫీసులోనూ చెబుతున్న రోజులివి.

"అయితే బ్రోచర్లోంచి కాపీ చేసి లోపల పెట్టెయ్" అన్నాడు. కాపీ చేశాను. వచ్చింది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలూ కొమ్ములూ చుక్కలూ కలిసిన గంజి. తెలుగు ప్రచురణరంగం తెలిసినవాళ్లకి ఇందులో వింతేం లేదు. బ్రోచర్ పేజ్‌మేకర్లో, అను ఫాంట్లలో చేసింది. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి. కంటికి తెలుగే, కంప్యూటర్‌కి మాత్రం కాదు. కాబట్టి ఆరు నెలల తర్వాత ఎవరైనా పుస్తకం పేరు యూనికోడ్‌లో కొట్టి మెయిల్లో వెతికినా ఈ బ్రోచర్ దొరకదు. అటాచ్‌మెంట్ చేరింది కానీ అందులోని అక్షరం చేరలేదన్నమాట. తెలుగులో మెయిల్ పంపేవాళ్లకి ముఖ్యాంశాలు లోపల రాయడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనబడదు. మీ పీడీఎఫ్ ఎలాంటిదో తెలియాలంటే ఒక వాక్యం కాపీ చేసి ఎక్కడైనా పేస్ట్ చేసి చూడండి, అర నిమిషం పని.

సరే, కొత్తగా టైప్ చేయాలి. చేయాలంటే ఏం రాయాలో తేల్చుకోవాలి. బ్రోచర్లో ఈ పుస్తకం గురించి "ప్రతి తెలుగువాడూ చదవాల్సిన, హృదయాన్ని కదిలించే అపురూప గ్రంథం" అని ఉంది. పక్కన రంగుల అట్ట ఉంటే ఆ మాట ఎలాగో నడిచిపోతుంది. తెల్లటి మెయిల్లో ఒంటరిగా పెడితే నవ్వొస్తుంది. చివరికి ఇలా రాశాం: "చీరాల దగ్గర నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి తన మాటల్లో చెప్పుకున్న జీవితం. నూలు ధరలు, అప్పులు, పెళ్లిళ్లు, వలస. 184 పేజీలు, 200 రూపాయలు." కింద ఐఎస్‌బీఎన్, ఫోన్ నంబరు. "ఇంతేనా?" అన్నాడు బాబాయి నీరసంగా. కానీ తీసేయాల్సిన మాట ఒక్కటీ చూపించలేకపోయాడు.

లింకు సంగతికొస్తే, మా ఆఫీసులో ఎవరు ఫైలు జతచేసినా నలుగురు విసుక్కుంటారు, డ్రైవ్ లింకు ఇవ్వొచ్చుగా అని. మాకది సరైనదే, ఎందుకంటే మేం పంపుకునేవి రోజూ మారే కాగితాలు. లింకు వెనకాల ఫైలు మార్చినా అడ్రసు మారకుండా ఉంచొచ్చు. పాతది చెరిపేసి కొత్తది ఎక్కిస్తే మాత్రం పాత లింకు చచ్చిపోతుంది. ఉన్న ఫైలుకే కొత్త వెర్షన్‌గా ఎక్కించాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. డ్రైవ్‌లో ఫైలు సాధారణంగా `Restricted` అని ఉంటుంది. దాన్ని `Anyone with the link` చేయకపోతే అవతలి మనిషి అనుమతి కోసం అర్జీ పెట్టుకోవాలి. పుస్తకం అమ్మాలనుకునేవాడు కొనేవాడిచేత అర్జీ పెట్టించకూడదు. పంపినవాడి ఖాతాలో అన్నీ తెరుచుకుంటాయి కాబట్టి ఈ లోపం వాడికి కనబడదు. లాగిన్ లేని విండోలో తెరిచి చూసుకోవాలి.

మూడూ పెట్టేస్తే గొడవుండదు కదా అని బాబాయి. నాకది నచ్చలేదు. ధర మూడుచోట్ల ఉంటే, అది మారిన రోజున మూడు ధరలుంటాయి. పంపేసిన అటాచ్‌మెంట్‌ని, మెయిల్లో రాసిన వాక్యాన్ని మనం దిద్దలేం. అందుకని అడ్రసుల జాబితా ముందేసుకుని, ఈ మనిషి మెయిల్ చూశాక దాన్ని ఏం చేస్తాడు అని ఒక్కటే ప్రశ్న అడుగుతూ పోయాం. సమీక్షకులు, మిత్రులు, అమెరికాలో ఉన్న చుట్టాలు చాలావరకు ఫోన్లోనే చూస్తారు. వాళ్లకి ఆ నాలుగు వాక్యాలు, కింద మొదటి అధ్యాయం చదువుకోడానికి లింకు. బ్రోచర్ లేదు. లింకు దగ్గర "పీడీఎఫ్, 1 ఎంబీ, లాగిన్ అక్కర్లేదు" అని రాశాం, నొక్కితే ఏం వస్తుందో తెలియాలి కదా.

లైబ్రేరియన్ల కథ వేరు. మెయిల్ చదివే లైబ్రేరియన్ ఒక్కడే కొనుగోలు నిర్ణయించడు. పైవాళ్లకి ఫార్వర్డ్ చేస్తాడు, లేదా ప్రింటు తీసి ఫైల్లో పెడతాడు. ఫార్వర్డ్ చేస్తే అటాచ్‌మెంట్ వెంట వెళ్తుంది. ప్రింటు తీస్తే లింకు కాగితం మీద ఉత్త నీలం గీత. కాబట్టి వాళ్లకి అటాచ్‌మెంటే. అయితే పన్నెండు పేజీల రంగులది కాదు, నలుపు తెలుపులో ఒకే పేజీ పట్టిక, యూనికోడ్‌లో: పేరు, రచయిత, పేజీలు, ధర, ఐఎస్‌బీఎన్. ధరలు ఏ తేదీ వరకో పైనే రాశాం. పైన మెయిల్లో అవే నాలుగు వాక్యాలు, ధర తీసేసి.

రంగుల బ్రోచర్ ఇక ఎవరికీ వెళ్లదని అర్థమయ్యాక బాబాయి కాసేపు మాట్లాడలేదు. డీటీపీకి ఇచ్చిన డబ్బులు గుర్తొచ్చినట్టున్నాయి. తర్వాత ఐదొందలు ప్రింటు వేయించి పుస్తక ప్రదర్శనకి పట్టుకెళ్తానన్నాడు.

వారానికి ఒక కాలేజీ లైబ్రరీ నుంచి జవాబొచ్చింది: ఆరు పుస్తకాలు కావాలి, లెటర్‌హెడ్ మీద కొటేషన్ జతచేసి పంపండి అని. "చూశావా, అటాచ్‌మెంటే అడిగారు" అన్నాడు బాబాయి. లెటర్‌హెడ్ పేజ్‌మేకర్లో ఉందట. డీటీపీ కుర్రాడు పెళ్లికెళ్లాడట.