పరీక్షకు వారం, రోజుకు రెండు గంటలు

నాచారం పారిశ్రామిక వాడలో మా ల్యాబ్ డ్యూటీ ముగించుకుని, ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి ఏడున్నర. వంట, మా ఆరో తరగతి అమ్మాయి హోంవర్క్ అయ్యాక నాకంటూ మిగిలేది రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా. కెనడా దరఖాస్తు కోసం ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ పరీక్షకు ఫీజు కట్టాను. ఇంకా ఆరు రాత్రులే ఉన్నాయి.

ఆదివారం రాత్రి ఒక పాత లిజనింగ్ పేపరు పెట్టుకున్నాను. 40 ప్రశ్నలు, అరగంట, ఆడియో ఒక్కసారే వినిపిస్తుంది. 27 వచ్చాయి. ఆ విభాగంలో 7 బ్యాండ్ రావాలంటే సుమారు 30 సరిపోవాలి. వెంటనే ఇంకో పేపరు తీయబోయి ఆగిపోయాను. మా అమ్మాయి యూనిట్ టెస్టు పేపరు తెచ్చి "సిల్లీ మిస్టేక్ అమ్మా" అన్నప్పుడల్లా "ఏ మిస్టేకో చెప్పు" అని నేనే కదా అడుగుతాను! అదే ప్రశ్న నన్ను నేను అడిగి, మిగిలిన గంటన్నర ఆ 13 తప్పుల మీదే కూర్చున్నాను.

ఆడియోను ఆపి ఆపి మళ్ళీ విన్నాను. ఐదు చోట్ల జవాబు సరిగ్గానే విన్నాను, రాయడమే తప్పు. రెండు పదాలకు మించకూడదన్న చోట 'ద సిటీ లైబ్రరీ' అని మూడు పదాలు రాశాను. 'టికెట్స్' అన్నది 'టికెట్' అయింది. అకామడేషన్‌లో రెండు 'ఎమ్'లకు ఒకటే వేశాను. ఈ పరీక్షలో అవన్నీ సున్నాలే. మరో నాలుగు, ఒక ప్రశ్న దాటిపోయిందని బాధపడుతూ ఉండగా పక్క ప్రశ్నలు కూడా వెళ్ళిపోయినవి. నిజంగా అర్థం కానివి చివరి నాలుగే. వాటిని వారంలో బాగుచేసుకోలేను, వదిలేశాను. నాకు కావాల్సిన మూడు మార్కులు మిగతా తొమ్మిదిలోనే ఉన్నాయి.

సోమవారం, బుధవారం మొదటి అరగంట ఆ తొమ్మిదికే ఇచ్చాను. ఆడియో మొదలయ్యే ముందు వచ్చే కొద్ది సెకన్లలో ప్రశ్నలు చదివి, ఖాళీలో ఏకవచనం పడుతుందా, బహువచనమా, అంకెా పేరా అని చూసుకోవడం. ఒకటి పోతే అక్కడ ఏదో ఒకటి ఊహించి పెట్టి తర్వాతి ప్రశ్న మీదికి వెళ్ళిపోవడం, ఎందుకంటే తప్పుకు మార్కు కోత లేదు. మా అమ్మాయి పడుకునే ముందు పేర్ల స్పెల్లింగులు, ఫోన్ నంబర్లు గబగబా చదివేది, నేను రాసేదాన్ని. 'జీ'కి 'జే', 'థర్టీన్'కి 'థర్టీ' రాస్తున్నానని పట్టుకుంది తనే. మహా సంబరపడింది.

మంగళవారం, గురువారం రాత్రులు రైటింగ్‌కి. గంటలో 150 పదాల ఉత్తరం, 250 పదాల వ్యాసం. వ్యాసానికి ఉత్తరం కంటే రెట్టింపు విలువ. నేనేమో ముద్దుగా ఉత్తరం మీదే 28 నిమిషాలు గడిపి, వ్యాసాన్ని ముగింపు లేకుండా వదిలేశాను. గురువారం అలారం 20 నిమిషాలకు పెట్టి, అది మోగగానే ఉత్తరం ఆపేశాను. వ్యాసానికి ఐదు నిమిషాలు ఆలోచన, ముప్పై రాత, ఐదు దిద్దుబాటు. రాసిన రాత్రే దిద్దుకుంటే తప్పులు కనబడవు. మర్నాడు టీ బ్రేక్‌లో చదివితే 'డిస్కస్ అబౌట్', 'వన్ ఆఫ్ ద రీజన్', 'ఆల్దో' తర్వాత మళ్ళీ 'బట్' కనబడ్డాయి. తెలుగులో ఆలోచించి రాసేవాళ్ళకు ఇవి మామూలే. నా చివరి ఐదు నిమిషాల దిద్దుబాటు ఈ మూడింటికే కేటాయించాను. కంఠస్థం చేసిన వ్యాసాలు మాత్రం ముట్టుకోలేదు. ప్రశ్న కొంచెం మారినా అవి అతకవు, దిద్దేవాళ్ళకు తెలిసిపోతుంది.

రీడింగ్ బుధవారం ఒక్కసారి, గంట గడియారం పెట్టుకుని చేశాను. స్పీకింగ్‌కి రాత్రి సమయం ఇవ్వలేదు. భోజన విరామంలో క్యాంటీన్ వెనక ఒక అంశం మీద నిమిషం ఆలోచించి, రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకునేదాన్ని. నిమిషం దాటేసరికి మాట ఆగిపోతోందని మొదటి రోజే తెలిసింది. ఎక్కడ, ఎవరితో, ఎందుకు, ఇప్పుడేమనిపిస్తోంది అని నాలుగు మాటలు కాగితం మీద పెట్టుకుంటే రెండు నిమిషాలు నిలబడగలిగాను.

శుక్రవారం రాత్రి పుస్తకం తెరవలేదు. ఫీజు కట్టేటప్పుడు ఇచ్చిన పాస్‌పోర్ట్ ఒరిజినల్ సంచిలో పెట్టి పదింటికే పడుకున్నాను.

లిజనింగ్‌లో 7 వచ్చింది. రైటింగ్ 6 దగ్గరే ఆగింది. గడియారం, మూడు తప్పులు సర్దుకున్నాయి గానీ, వాదనకు తగిన ఉదాహరణలు ఇవ్వడం ఒక వారంలో అయ్యేది కాదు. దానికి మూడు నెలలు పెట్టుకున్నాను. ఫోన్ నంబర్లు మాత్రం మా అమ్మాయి ఇప్పటికీ అడగకుండానే చదువుతోంది.