ఇంటి పని చీటీ ఎట్లా రాసుకోవాలో చెప్తా, మీక్కూడా ఒకరోజు అవసరం పడుద్ది

అన్నలారా, తమ్ముళ్ళారా, ఈసారి మిరప గురించి కాదు, కంది గురించి కాదు. ఇంటి పని గురించి రాస్తున్నా. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

మా ఆవిడకి గర్భసంచి ఆపరేషన్ అయింది. ఆరు వారాల పాటు బరువు ఎత్తకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. వంటకి మా అక్క వచ్చింది. మిగతా పనులు నేనూ మావాడూ చేసుకోవాలి. "ఏమేం చెయ్యాలో చెప్పు, రాసుకుంటా" అని మంచం పక్కన కూర్చున్నా. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశా:

"పొద్దున్నే వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ముగ్గెయ్యాలి. అంట్లు పెరట్లో తోమాలి. పాలు కాచి, రాత్రికి తోడెయ్యాలి. బిందెలు కడిగి మంచినీళ్ళు పట్టాలి. పొయ్యి తుడవాలి. ఇల్లు ఊడ్చి అప్పుడప్పుడు తడిగుడ్డ పెట్టాలి. బట్టలు ఉతకాలి. దుప్పట్లు చూసుకోవాలి. దేవుడి కాడ శుక్రవారం సామాను తోమి దీపం పెట్టాలి. కందులు మధ్యలో ఎండబెట్టాలి. బాత్రూమ్ కడగాలి. ట్యాంకరొచ్చినప్పుడు తొట్టి కడగాలి. అంతే, ఇంకేముంది?"

చూడ్డానికి అర పేజీ. గోడకి అంటించా. రెండ్రోజులకే గొడవ మొదలైంది. దీపం శుక్రవారమే అనుకుని మావాడు మిగతా రోజులు పెట్టలా. తడిగుడ్డ "అప్పుడప్పుడు" గదా అని నేను పెట్టనే లా. తప్పు మాది ఒక్కరిదే కాదు, ఆ చీటీది కూడా. ఆమెకి అన్నీ తెలుసు కాబట్టి ఆ మాటలు ఆమెకి సరిపోతయ్. మనకి సరిపోవు. అందుకని కూర్చుని తిరగ రాశా.

మొదట చేసిన పని, "చెయ్యాలి, తోమాలి, కడగాలి" లాంటి మాట ఉన్న ప్రతిచోటా గీత గీసి, ఒక్కో పనిని ఒక్కో వరసలో పెట్టడం. "ఊడ్చి, చల్లి, ముగ్గెయ్యాలి" అంటే ఒకటి కాదు, మూడు. అట్లా విడదీస్తే పన్నెండు వాక్యాల్లో 18 పనులు తేలినయ్. "దుప్పట్లు చూసుకోవాలి" అంటే ఏందో అర్థం కాక అడిగితే, వారానికోసారి ఎండలో వెయ్యాలి, పదిహేను రోజులకోసారి ఉతకాలి అంది. అది రెండు పనులయింది. మొత్తం 19. "చూసుకోవాలి" అని ఉన్నచోట అడక్కుండా ముందుకి పోవద్దు.

రెండోది, ఎన్నాళ్ళకోసారి అనేది. "తడిగుడ్డ ఎన్ని రోజులకి?" అంటే ఆమె చెప్పలేకపోయింది. "పెట్టకపోతే ఎన్నో రోజుకి కాళ్ళకి తెలుస్తది?" అని అడిగితే వెంటనే "మూడో రోజుకి గరగరలాడుద్ది" అంది. అయితే రెండ్రోజులకోసారి అని రాశా. కందులు కూడా అంతే. మన ఎండలకి పుచ్చు పురుగు గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి సుమారు నెల పడుద్ది. గింజ మీద గుండ్రటి బెజ్జం కనపడిందంటే అప్పటికే పురుగు బయటికొచ్చి మళ్ళీ గుడ్లు పెట్టే పనిలో ఉన్నట్టు. అందుకని "మధ్యలో" కొట్టేసి "నెలకోసారి" అని పెట్టా.

తొట్టి సంగతి వేరు. "ట్యాంకరొచ్చినప్పుడు" అని ఉంది. ఆపరేషన్ అయిన రోజుల్లో కుళాయి నీళ్ళే సరిపోతున్నయ్, ట్యాంకర్ పిలిచే పని పడలా. దాంతో తొట్టి ఎవరూ ముట్టుకోలా. ఒకరోజు చెంబు ముంచితే తోకపురుగులు గిలగిలా ఆడతన్నయ్. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. మన దగ్గర శుక్రవారం డ్రై డే అని తొట్లు ఒంపించేది ఊరికే కాదు. ఏదైనా జరిగినప్పుడే చెయ్యాల్సిన పని ఉంటే, అది జరక్కపోతే ఎప్పుడు చెయ్యాలో కూడా పక్కన రాయండి.

మూడోది, చోటు. ఇక్కడే నేను బాగా దెబ్బ తిన్నా. మంచినీళ్ళు వంటింట్లో ఉంటయ్ గదా అని నీళ్ళు తెచ్చే పని వంటిల్లు కింద రాశా. వంటిల్లు అక్క చూసుకుంటది అని నేనూ మావాడూ ఆ వరస వైపు చూడలా. నీళ్ళ ప్లాంటుకి పోయి టిన్ను తేవడం మగోళ్ళ పని అని అక్క అనుకుంది. మన బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే, తాగడానికి పనికిరావు. నాలుగో రోజు నేను పొలం నుంచి వచ్చేసరికి మా ఆవిడ పక్కింటోళ్ళ దగ్గర నీళ్ళు పట్టుకుని, బిందె నడుముకి పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "దాహమేస్తంటే ఏం జెయ్యమంటావయ్యా" అంది. సాయంత్రానికి కుట్ల దగ్గర నొప్పి. ఆటోలో తీసుకుపోయి చూపిస్తే, కుట్లు ఊడలేదు, మళ్ళీ ఎత్తితే మాత్రం నా దగ్గరికి రావద్దు అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా.

వస్తువు ఉండే చోటు చూసి రాయకూడదు, మనిషి పోయి పని చేసే చోటు చూసి రాయాలి. అందుకని "ఇంటి బయట" అని కొత్త తల పెట్టి, నీళ్ళని అందులో పడేశా. చివరికి తేలిన చీటీ ఇది:

వాకిలి
☐ ఊడ్వడం – రోజూ
☐ కళ్ళాపి – రోజూ
☐ ముగ్గు – రోజూ

వంటిల్లు
☐ పాలు కాయడం – రోజూ రెండు పూటలా
☐ తోడెయ్యడం – రోజూ రాత్రి
☐ పొయ్యి తుడవడం – రోజూ రాత్రి
☐ బిందెలు కడగడం – నీళ్ళు తెచ్చే ప్రతిసారీ, ముందే

హాలు, దేవుడి మూల
☐ ఇల్లంతా ఊడ్వడం – రోజూ
☐ తడిగుడ్డ – రెండ్రోజులకోసారి
☐ దీపం – రోజూ
☐ దేవుడి సామాను తోమడం – శుక్రవారం

పడకగది
☐ దుప్పట్లు ఎండెయ్యడం – వారానికోసారి
☐ దుప్పట్లు ఉతకడం – 15 రోజులకోసారి
☐ మంచం కింద కందుల డబ్బా ఎండబెట్టడం – నెలకోసారి

బాత్రూమ్
☐ కడగడం – వారానికి రెండుసార్లు

పెరడు
☐ అంట్లు – రోజూ రెండు పూటలా
☐ బట్టలు – రోజు విడిచి రోజు
☐ తొట్టి ఒంపి రుద్దడం – ట్యాంకర్ వచ్చే ముందు. రాకపోయినా శుక్రవారం తప్పకుండా

ఇంటి బయట
☐ మంచినీళ్ళ టిన్ను – రెండ్రోజులకోసారి, నేను. నేను లేకపోతే మావాడు

నెలకోసారి, పదిహేను రోజులకోసారి చేసేవి కింద తేదీ రాసుకోవాలి. టిక్కు ఒక్కటే పెడితే ఏ నెలదో గుర్తుండదు. రోజువారీవి పలక మీద రాస్తే రాత్రికి తుడిచెయ్యొచ్చు.

చీటీ అయ్యాక ఒక లెక్క వేశా. "రోజూ" అని ఉన్నవే, రెండు పూటలవి రెండుగా లెక్కేస్తే, వారానికి 77 సార్లు. మిగతావి కలిపితే తొంభై దాటినయ్. వంట అందులో లేదు. 2019లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడతన్నారని వచ్చింది. మా ఇంట్లో ఆ 97 కూడా ఉండేది కాదు, ఒప్పుకుంటున్నా.

ఆమెకి చీటీ చూపిస్తే మొత్తం చదివి, "బియ్యం డబ్బా తుడిచేది రాయలా" అంది. అదీ రాశా. మీ ఇంట్లో ఆమె బాగున్నప్పుడే, తీరిగ్గా పక్కన కూర్చుని రాసుకోండి. మంచాన పడ్డాక అడిగితే మాకు జరిగినట్టే జరుగుద్ది.