బిళ్ల మీది మొదటి అక్షరం

డిజిటల్ థర్మామీటర్ తోక వైపు మూత తీస్తే చొక్కా గుండీ కన్నా చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది. దుకాణంలో 'వాచీ బ్యాటరీ' అంటే చాలు, ఇచ్చేస్తారు. కానీ ఒకే కొలతలో రెండు రకాలు ఉన్నాయి. దాని మీద 'ఎల్ఆర్41' అని ఉంటే ఆల్కలైన్, 'ఎస్ఆర్41' అని ఉంటే సిల్వర్ ఆక్సైడ్. రెండూ 7.9 మిల్లీమీటర్ల వెడల్పు, 3.6 మిల్లీమీటర్ల మందం. ఏది పెట్టినా పట్టేస్తుంది, పనిచేస్తుంది. తేడా తర్వాత తెలుస్తుంది.

పోయిన వానాకాలం మా రూమ్మేట్‌కి జ్వరమొస్తే, నాలుగు గంటలకోసారి చూసి రాయమన్నారు డాక్టరు గారు. రెండో రాత్రి 102 దగ్గర అంకెలు పాలిపోయి, మూలన బ్యాటరీ గుర్తు కనబడింది. ఆ అంకెను నమ్మాలా, మానాలా? బిళ్ల వేసి మూడు వారాలే అయింది.

"కొత్తదే కదరా, మీటర్‌లో ఒకటిన్నర వోల్టు చూపిస్తోంది" అన్నాడు పక్క గది ఈసీఈ వాడు. నిజమే, కానీ మల్టీమీటర్ బిళ్ల నుంచి కరెంటు దాదాపు ఏమీ లాగదు. వాడి కిట్‌లోంచే వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ తీసి బిళ్లకు అడ్డంగా పెట్టి మళ్లీ కొలిచాం. వెంటనే 1.2కి జారిపోయింది. అంటే లోపలి నిరోధం పెరిగిపోయిన ముసలి బిళ్ల అది. దుకాణంలో ఏళ్ల తరబడి పడున్నా, డబ్బాలో విడిగా ఒకదానికొకటి తగులుతూ ఉన్నా బిళ్లలు ఇలాగే అరిగిపోతాయి. అందుకే సీల్ వేసిన అట్టమీద తేదీ చూసి కొనాలి.

తాజాదైనా ఆల్కలైన్ వోల్టేజి వాడేకొద్దీ మెల్లగా దిగుతూ పోతుంది. అందుకే లోపల ఇంకా శక్తి ఉండగానే థర్మామీటర్ హెచ్చరిస్తుంది. సిల్వర్ ఆక్సైడ్‌ది 1.55 దగ్గర మొదలై దాదాపు చివరి దాకా నిలకడగా ఉండి, ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. ధర ఎక్కువే, కానీ థర్మామీటర్‌కి తగినది అదే. '392' అని ఉన్నా అదే రకం.

పెట్టేటప్పుడు ఇంకో తికమక. పెన్సిల్ సెల్‌కి బొడిపె ఉన్న వైపు ప్లస్. బిళ్లకు తిరగేసి ఉంటుంది: అక్షరాలు చెక్కిన వెడల్పు ముఖం ప్లస్, లోపలి చిన్న టోపీ మైనస్. పాతది తీసే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీస్తే చాలు. ఇనప పట్టకారుతో పట్టుకోవద్దు, అంచూ టోపీ కలిస్తే షార్టే. పొడి గుడ్డతో పక్క అంచులు పట్టుకుంటే సరి.

తీసిన బిళ్లకు రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందకుండా పెట్టాలి. థర్మామీటర్‌కి చాలని ఆ మిగిలిన కరెంటే పసివాడి గొంతులో ఇరుక్కుంటే లోపల కాల్చేస్తుంది. మింగాడని అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.