పెన్‌డ్రైవ్ చెప్పే అబద్ధం

విశాఖలో ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికిన 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను, ప్రాజెక్టు రిపోర్టులు దాచే ముందు మేము పరీక్షించాం. లోపలున్న అసలు చిప్ 8 జీబీదే. కంట్రోలర్‌లో ప్రోగ్రాము మార్చి, కంప్యూటరుకు 64 అని చెప్పిస్తారు.

అసలు చోటు నిండాక వేసిన ఫైళ్లు పాతవాటి మీద పడతాయి, లేదా ఎక్కడా నమోదు కావు. మాది రెండో రకం. ఫైళ్ల పట్టిక చిప్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేరూ సైజూ కనిపిస్తాయి. తెరిస్తే ఫైలు రాదు. ఫార్మాట్ చేసినా ఈ మోసం పోదు.

ఖాళీ డ్రైవ్‌ను H2testw తో అంచుదాకా నింపి, తిరిగి చదివించాలి. మాకు రెండు మూడు గంటలు పట్టింది. మొదటి 8 జీబీ సరిపోయింది, మిగతాదంతా తప్పని చూపింది. కొన్న రోజే ఇలా చూస్తే డబ్బు వాపసు అడగవచ్చు. రిపోర్టు పోయాక దాన్ని ఎవరిని అడుగుతాం?